కాలి దగ్గరి సీసా

మా అన్న కొడుక్కి ఎడమ పిక్క మీద ఒక మచ్చ ఉంది. పుట్టిన కొత్తలో పావలా బిళ్ళంత ఉండేది, వాడితో పాటే పెరిగింది. ఎవరైనా అడిగితే "చిన్నప్పుడు మా అమ్మ కాల్చేసిందట" అని నవ్వుతూ చెబుతాడు. ఆ మాట వినబడితే నేను ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోతాను. కాల్చింది వాళ్ళమ్మ కాదు, నేను.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. కోయంబత్తూరులో నూలు మిల్లు పనివాళ్ళకిచ్చే లైను ఇంట్లో ఉండేవాళ్ళం. అన్న స్పిన్నింగులో, నేను రీలింగులో. పొద్దుటి షిఫ్టు నుంచి మూడున్నరకు మిల్లు సంగు కూసేదాకా నూలు నా వేళ్ళ మధ్య పరిగెత్తుతూనే ఉండేది. రెండేళ్ళకే వేలికొనలు తోలులా గట్టిపడ్డాయి. అదొక గొప్ప నాకు. పొయ్యి మీది గిన్నె మసిగుడ్డ లేకుండా దించి, అమ్మ ముందు పెట్టి చూపించేదాన్ని. వదిన చేతులు మెత్తన అని వెక్కిరించేదాన్ని కూడా.

వదినకు ఎనిమిదో నెలలోనే కాన్పయింది. బిడ్డ రెండు అరచేతుల్లో ఇమిడిపోయాడు. ఆస్పత్రిలో ఉన్న ఒక్క వెచ్చని పెట్టెలో అప్పటికే ఇద్దరు పిల్లలున్నారట. వారం ఉంచుకుని, పాలు చప్పరిస్తున్నాడు కనక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒంట్లో వేడి నిలిస్తేనే బతుకుతాడు, చల్లబడనివ్వొద్దని మరీ మరీ చెప్పారు. అది ఐప్పసి, అక్కడి వానల నెల. వాన వదలడం లేదు, పెంకుల సందుల్లోంచి ఈదరగాలి.

ఆదుకున్నది మా లైనులోనే ఉండే ఆయమ్మ. మిల్లు డిస్పెన్సరీలో ఆయాగా చేసేది, వాళ్ళు వేదక్కారులు, అంటే కిరస్తానీలు, మాట మాత్రం మా తెలుగే. కండెలు మోసే పేము బుట్ట ఒకటి తెచ్చి, అడుగున దూది పరిచి, బిడ్డను అందులో పడుకోబెట్టింది. డిస్పెన్సరీలో ఖాళీ అయిన పెద్ద టానిక్ సీసాలు నాలుగు తెచ్చింది. మా అమ్మ ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పెడదామంది. ఆయమ్మ ఒప్పుకోలేదు. ఇటుక ముందు కాలుస్తుంది, కాసేపటికి చల్లారిపోతుంది, అదే బరువు నీళ్ళయితే పట్టుకున్న వేడిని మెల్లమెల్లగా వదులుతాయి అని చెప్పింది.

పద్ధతి కూడా చూపించింది. మరిగే నీళ్ళలో చన్నీళ్ళు కలపాలి. సీసా నిండా పోసి, మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూడాలి. రెండు మడతల గుడ్డ చుట్టి, మోచేతి లోపలి మెత్తని చోట ఆనించి చూసుకోవాలి. బిడ్డకు అటొకటి, ఇటొకటి, తల వైపు ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి, ఏదీ ఒంటికి తగలకుండా. నాలుగూ ఒక్కసారి మార్చకూడదు, ఒకటి మారుస్తుంటే మూడు వెచ్చగా ఉండాలి. బిడ్డకన్నా చల్లబడిన సీసా బుట్టలో ఉంటే, అది వేడి ఇవ్వకపోగా బిడ్డ దగ్గరి వేడినే గుంజుకుంటుంది. ఈ చివరి మాట నా తలలో మేకులా దిగింది. మోచేయి సంగతి మాత్రం చెవికెక్కలేదు. ఇంత గట్టి చేతులుండగా మోచేయి ఎందుకు?

అన్న, అమ్మ, నేను వంతులేసుకున్నాం. వదినకు జ్వరం, లేచి కూర్చోలేదు. పాలివ్వడానికి మాత్రం బిడ్డను పక్కలోకి అందించేవాళ్ళం. నాలుగు రోజులు బాగానే గడిచింది. బిడ్డ పాదాలు ఎర్రగా, వెచ్చగా ఉండేవి. నా వల్లనే అని లోపల్లోపల పొంగిపోయాను.

అయిదో రోజు షిఫ్టు దిగి వచ్చేసరికి అమ్మ నీళ్ళ కుళాయికి పోయింది. కాళ్ళ దగ్గరి సీసా చల్లబడి ఉంది. గబగబా వేడినీళ్ళు పోసి, చన్నీళ్ళు కొద్దిగా చిలకరించి, గుడ్డ చుట్టి వేళ్ళతో తడిమాను. వేడే తెలియలేదు. ఇది చాలదనుకుని ఒక మడత విప్పేశాను. మళ్ళీ తడిమాను. అప్పుడు కాస్త వెచ్చగా అనిపించింది. బిడ్డ కాళ్ళకు ఆనించి పెట్టాను. కాసేపటికి వాడు పిల్లికూనలా సన్నగా ఏడ్చాడు. ఆకలనుకున్నాను. వదిన నిద్రపోతున్నదనుకుని, లేపకుండా బుట్ట ఊపుతూ కూర్చున్నాను. వాడు కాలు కాలి ఏడుస్తుంటే నేను జోకొట్టాను.

ఆయమ్మ వచ్చి చూసింది. పిక్క మీద పొక్కు. సీసా తీసి అవతల పెట్టి, మామూలు నీళ్ళు ఆ చోట మాత్రం మెల్లగా పోసి, తడి అద్ది, మళ్ళీ తక్కిన ఒళ్ళంతా దూదిలో కప్పింది. తర్వాత సీసా వైపు చూసింది.

"గుడ్డ ఒక్క మడతే ఉండాది. విప్పింది ఎవురు?"

అప్పటికి అమ్మ బిందెతో గడపలోకి వచ్చింది. నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

"వదిన విప్పిందేమో. పాలియ్యను ఎత్తినప్పుడు."

వదిన కళ్ళు తెరిచే ఉంది. నా వైపు ఒకసారి చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. అమ్మ బిందె దించకుండానే తిట్టడం మొదలుపెట్టింది. కన్నబిడ్డను కాల్చుకున్న తల్లి అని లైనంతా పాకింది. అన్న రెండు రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు.

అందరూ అక్కణ్ణుంచి లేచి వెళ్ళాక ఆ సీసాను నా చెంపకు ఆనించాను. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. నా వేళ్ళకు తెలియలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతానేమోనని భయం. చావలేదు, రోజూ మూడు పూటలా అన్నం తిన్నాను.

దానికి బదులుగా ఒళ్ళు హూనం చేసుకున్నాను. నలభై రోజులు, షిఫ్టు దిగడం, సీసాలు నింపడం, మోచేతికి ఆనించడం, మార్చడం. బిడ్డ బరువెక్కాడు, బుట్ట చాలక ఉయ్యాలలోకి మారాడు. ఒక తప్పుకు ఒక ప్రాణం బదులిచ్చానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ లెక్క మీదే ఇన్నేళ్ళు బతికాను.

మిల్లు మూతపడ్డ చాలా ఏళ్ళకు, పోయిన ఏడు, వదిన మంచాన పడింది. ఒక మధ్యాహ్నం తల దువ్వుతూ చెప్పేశాను. ఆమె ముఖం నాకు కనిపించకూడదనే దువ్వేటప్పుడు చెప్పాను.

"నేను సూస్తిని, కన్నా. నువ్వు గుడ్డ విప్పేది పండుకోని సూస్తా ఉంటిని. తల తిరగతా ఉండె, నాకు అది తప్పని తెలీదు."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్పుంటే మీయమ్మ నిన్ను బుట్ట దగ్గరికే రానిచ్చుండదు. నువ్వూ బయపడి ముట్టుండవు. నేను లేవలేను, వాళ్ళిద్దరితోనే అయ్యేపని కాదు. అప్పుడు నా బిడ్డకు సీసాలు మార్సేది ఎవురు?"

అయితే నలభై రోజులూ నన్ను నమ్మి ఊరుకున్నావా అన్నాను. ఆ మాటలో ఇంకా కొంచెం ఆశ ఉంది, ఇప్పుడు తలుచుకుంటే దానికే ఎక్కువ సిగ్గు.

"నమ్మలేదు" అంది వదిన. "నువ్వు అట్ల పోంగానే, పాకతా వచ్చి నాలుగు సీసాలూ తీసి సూసేదాన్ని. శానా దినాలు ఇంకో మడత సుడితిని."