సీరె కాదు, సీరు

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా తల గోక్కోవడం మొదలుపెడితే నేను దుమ్మును తిట్టాను. కన్నడసీమలో బండ్రి అనే ఊరి దగ్గర రోడ్డు వారనే మా ఇల్లు. ఖనిజం లారీలు పోతుంటే ఆరేసిన బట్టలు కూడా సాయంత్రానికి ఎర్రబారతాయి. పిల్ల తలలోనూ అదే దుమ్మని తేల్చేసి, నూనె పట్టించి, గట్టిగా రెండు జడలు వేసి బడికి తోసేదాన్ని. నాకూ అప్పుడప్పుడు మెడ వెనక దురదగా ఉండేది. అదీ దుమ్మే అనుకున్నాను.

మాది అనంతపురం వైపు. పెళ్ళయి ఇక్కడికొచ్చిన ఎనిమిదేళ్లలో కన్నడమంతా పట్టేశానని నాకు పెద్ద గర్వం. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి. ఇందులో అంత నేర్చుకునేదేముందని మా ఆయనతో వాదించేదాన్ని కూడా.

ఒకరోజు పిల్ల బడి నుంచి వస్తూనే చెప్పింది. "అమ్మా, తలలో సీరె ఉండాదంట. నీకు చెప్పమన్న్యారు టీచరు."

పదిహేను రోజుల్లో బడిలో వార్షికోత్సవం. మా అమ్మాయి కోలాటం గుంపులో ఉంది. సీరె అంటే చీరే కదా. "తలలో కాదే, తలమీద అనింటారు. చీర కప్పుకోని ఆడల్లేమో," అని అర్థం కూడా నేనే చెప్పేశాను. ఆ రాత్రే నా పాత ఆకుపచ్చ చీర కత్తిరించి, అంచు కుట్టి చిన్న చీర చేశాను. పొద్దున్నే సంచీలో పెట్టుకుని నేనే బడికి తీసుకెళ్లాను, నలుగురూ చూస్తారని.

టీచరమ్మ ఆ చీరను అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వు ఆపుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. "సీరె అల్లమ్మా. సీరు, సీరు!" అని పిల్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చెవి వెనక వెంట్రుకలు పాయ తీసి చూపించింది. నువ్వుగింజ కన్నా చిన్నవి, తెల్లగా, వెంట్రుకకు ఒక పక్కగా అతుక్కుని ఉన్నాయి. ఆమె గోటితో విదిలించినా కదల్లేదు. చుండ్రయితే రాలిపోతుందని, ఇవి బంక పెట్టినట్టు పట్టుకుంటాయని చెప్పింది. మేం ఈపులంటాం. పేల గుడ్లు. అంత కన్నడం వచ్చిన నాకు ఆ ఒక్క మాట రాలేదు.

"బేజారు చేసుకోవద్దమ్మా, ఇది అందరికీ వచ్చేదే," అని ఆమె మెల్లగానే చెప్పింది. కానీ అప్పటికే నా చెవులు వేడెక్కిపోయాయి. నాకు సిగ్గేస్తే కోపం వస్తుంది, అది నా జబ్బు. దారి పొడుగునా పిల్లను తిట్టాను. పక్కన కూర్చునే పిల్లతో ఇకమీద కూర్చోవద్దన్నాను. చివరికి, "వచ్చే వారం ఆదివారానికి ఇవి పోకపోతే గుండు కొట్టిస్తా, సూడు," అన్నాను. పిల్ల ఏడవలేదు. రెండు జడలూ రెండు చేతులతో పట్టుకుని ఇంటిదాకా అలాగే నడిచింది.

ఇంట్లో మా అత్త సీమనూనె, అదే కిరోసిన్, సీసా తీసింది. "తలకింత పూసి గుడ్డ కట్టమ్మే, తెల్లారేకి అన్నీ సస్తాయి." మా వీధిలోనే ఉండే ఆశా కార్యకర్త అప్పుడే పక్కింటి పసిబిడ్డను చూడడానికి వచ్చింది. ఆ మాట విని మా గడపలోకి వచ్చేసింది. "అవ్వా, అది పెట్టద్దు. తోలు కాలుతాది, పొయ్యి దగ్గరికి పోతే నిప్పంటుకుంటాది. పేన్ల మందు పూసుకోకపోయినా పర్వాలేదు. సన్నపండ్ల దువ్వెన ఉంటే సాలు, ఓపిక ఉండల్ల."

ఆ ఓపికే నా దగ్గర లేదని ఆమెకు తెలియదు.

ఆమె ముందుండి చేయించింది. తల కడిగి, తడి వెంట్రుకలకు కండిషనర్ ధారాళంగా పట్టించమంది. అప్పుడు పేలు పరుగెత్తలేవట. ముందు పెద్ద దువ్వెనతో చిక్కు తీసి, తర్వాత పాయలు పాయలుగా విడదీసి, పేల దువ్వెనను కుదుళ్ల దగ్గర తలకు ఆనించి చివరిదాకా లాగాలి. లాగిన ప్రతిసారీ తెల్లగుడ్డ మీద తుడిచి చూడాలి. చెవుల వెనక, మెడ పైన ఎక్కువ చూడాలి. మొదటి రోజు గుడ్డ మీద గోధుమరంగు పేలు కాళ్లు ఆడిస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. దువ్వెనకు రాని ఈపులను గోళ్లతో పట్టి లాగాను. నాలుగు రోజులకొకసారి ఇలాగే దువ్వమంది, మిగిలిన ఈపులు పగిలి కొత్త పిల్లలు వస్తాయి గనక. "ఇంట్లో అందరి తలలూ చూడండక్కా," అని కూడా చెప్పిపోయింది. మా అత్తది చూశాను, మా ఆయనది చూశాను. నాది నేను చూసుకోలేదు. శుభ్రంగా ఉండేదాన్ని, నాకెందుకు?

రెండోసారి దువ్వితే చిన్న చిన్నవి కొన్ని వచ్చాయి. మూడోసారి శుక్రవారం దువ్వితే గుడ్డ మీద రెండు బలిసిన పేలు కనిపించాయి. దువ్వెన విసిరికొట్టాను. "మళ్ల ఆ పిల్ల పక్కనే కూసున్న్యావు కదా! ఆదివారం గుండే!" అని అరిచాను. పిల్ల మంచం కిందికి దూరి, అన్నానికి కూడా రానంది.

కోపంతోనే ఆశా అక్కను పిలుచుకొచ్చాను, ఆ పక్కపిల్ల వాళ్లింటికి పోయి చెప్పమని. ఆమె గుడ్డ వైపు చూసి, "ఇన్నిసార్లు దువ్వినాక సిన్నవొస్తే అవి పాత ఈపుల పిల్లలు. పెద్దవొస్తే యాడనుంచో కొత్తగా ఎక్కినట్ల. ఆ పాప తల నేను మొన్ననే సూసినా, ఏమీ లేవు," అంది. తర్వాత అడిగింది. "రాత్రి పిల్ల యాడ పడుకుంటాది?"

"నా పక్కన."

"కూసో అక్కా."

నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి తల దువ్వింది. గుడ్డ నా కళ్లముందు పెట్టింది. నేను లెక్కపెట్టడం ఆపేశాను. ఆ దురద దుమ్ముది కాదు. పిల్లకు నేనే ఎక్కిస్తూ వచ్చాను.

ఎప్పుడు బయటికి వచ్చిందో, మా అమ్మాయి జడలు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అమ్మా, నీకి గూడ ఆదివారం గుండేనా?" అని అడిగింది. ఎగతాళి కాదు. నిజంగానే భయపడి అడిగింది. నాకు ఏడుపొచ్చింది. "ఎవురికీ లేదు నాయనా. తప్పు నాదే," అన్నాను. అప్పుడు జడల మీంచి చేతులు తీసింది.

ఇద్దరం ఒకేరోజు, ఒకే గుడ్డ ముందు దువ్వుకున్నాం. జడలు గట్టిగా ముడి కట్టుకుని కోలాటం ఆడొచ్చని టీచరమ్మ చెప్పింది. పిల్ల ఆడింది, తన పక్కపిల్లకు జోడీగా. ఆ తర్వాత కూడా, వరుసగా రెండుసార్లు గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా మేం దువ్వెన వదల్లేదు.

నా తల దువ్వే పని మా పిల్లే తీసుకుంది. "వంచు మా," అంటే వంచేదాన్ని. తనదాంట్లో ఏమీ రాకుండా పోయిన రోజు కూడా నా దాంట్లో ఒకటి దొరికింది. గుడ్డ మీద తుడిచి, మా అత్త వంటింట్లో ఉందా లేదా అని తొంగి చూసి, నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది.

"ఒక్కటేలే మా. ఎవురికీ చెప్పనులే."