పన్నెండో వ్యాసం కింద రాసిన మాట

కోస్గి దర్జీ బషీర్ కూతురు జులేఖా మహబూబ్‌నగర్‌లో ఎమ్మే చదువుతోంది. సోషల్ మీడియాలో మునిగిన టీనేజీ పిల్లలు తమ ఒంటి తీరు గురించి ఏమనుకుంటున్నారన్న దానిపై పన్నెండు వ్యాసాలు చదివి, ఒక్కోదాని కింద సారాంశం, దాని బలాబలాలు రాసి గ్రంథసూచి తయారుచేసింది. సంతకం పెట్టాల్సిన గైడు సారు పన్నెండోదాని దగ్గర ఆగాడు. ఆ వ్యాసం ఆయన రాసిందే. దాని కింద జులేఖా రాసిన మాట పైకి చదివాడు.

“‘నలభై మందిని ఒక్కసారే అడిగి, ఫోనే కారణమని తేల్చడం చెల్లదు. ఫోను ముందొచ్చిందో, అద్దంలో చూసుకుని పడే దిగులు ముందొచ్చిందో తెలియదు.’ గిదేంది జులేఖా? జర మంచిగ రాయరాదా?”

“మీరు పిల్లలను అడిగిన ప్రశ్నలు తెలుగుల ఉన్నయ్, గది మంచిదని రాసిన గద సార్.”

“గా విమర్శ తీసెయ్.”

“గట్లయితే వ్యాసమే తీసేస్త సార్. పదకొండు సాలు.”

తన పేరు లేని జాబితా ఆయనకు చంద్రుడు లేని ఆకాశం. విమర్శను ఉన్నచోటే ఉండనిచ్చి, గబగబా సంతకం గీకాడు.