ఫోన్‌లోకి దిగని మాట

"ఏమే, నీ ఫోన్ నిండిపోయింది. మొన్న నేను పంపిన ఫోటో గూడ దిగలే. ఆ గుడ్ మార్నింగులన్ని తీసెయ్యి జెర."

"నాకేం ఎరుక తీసుడు? ఒకటి ఒత్తబోతే ఇంకోటి పోతది. నువ్వే వచ్చినంక తియ్యి."

"సరే తీ. వచ్చినంక తీస్త."

మా ఆయనా నేనూ ఎదురెదురుగా మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. ఆయన టిఫిన్ డబ్బా సంచి భుజానికి వేసుకుని మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాడు. పటాన్‌చెరు అవతల మందుల కంపెనీలో పని. సాయంత్రం టీ టైముకు బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్తూ గేటు దగ్గర కుప్పకూలాడు. గుండె అన్నారు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికే అయిపోయింది.

నాకు అక్షరాలు రావు. సంతకం వరకు వచ్చు. అందుకని ఆయన నాకు ఎప్పుడూ రాసి పంపేవాడు కాదు, మాట పంపేవాడు. ఫోన్ దగ్గర పెట్టుకుని "బియ్యం అయిపోయినయా", "నల్లా వచ్చిందా" అని అడిగేవాడు. కంపెనీలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. గేటు పక్కన చిన్న చిన్న అరలు ఉంటాయి, అందులో పెట్టి తాళం వేసుకోవాలి. టీ టైములో తీసి నాకు ఒక మాట పంపి, మళ్లీ పెట్టేసి లోపలికి పోయేవాడు. ఎన్నేళ్లు పని చేసినా అదే అలవాటు.

ఆ రోజు కూడా పంపాడు.

దినాలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక చూశాను. పైన ఆయన ఫోటో. కింద అన్నిటికంటే చివర ఒక మాట. మామూలుగా అయితే అక్కడ మూడు మూలల గుర్తు ఉంటుంది, ఒత్తితే మాట్లాడుతుంది. దీనికి మాత్రం కిందికి చూస్తున్న బాణం ఉంది. ఒత్తాను. గుండ్రంగా తిరిగింది, ఆగిపోయింది, ఏవో అక్షరాలు వచ్చాయి. మళ్లీ ఒత్తాను. మళ్లీ అవే అక్షరాలు.

ఎవరికీ చూపించలేదు. చూపిస్తే వాళ్లు ముందు వింటారు. ఆయన అందులో నన్ను పిలిచి ఉంటే? నొప్పి అని మూలిగి ఉంటే? అది నా చెవిన కాకుండా ఇంకొకరి చెవిన పడటం నాకు ఇష్టం లేదు. అలాగని నేను వినటానికీ భయమే. రోజూ వంట పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఆ బాణం ఒత్తేదాన్ని. అది దిగేది కాదు. నేనూ ఒక మాట పంపుదామంటే ఫోన్‌లో జాగ లేక అదీ పట్టేది కాదు. అందుకని దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి పంపేదాన్ని. దాని పక్కన ఒకే ఒక్క టిక్కు పడేది. రెండోది ఎప్పుడూ పడలేదు.

మేముండేది కొల్లూరు కాలనీలో, సర్కారు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇళ్లలో. మా అంతస్తులో సగం తలుపులకు ఇంకా తాళాలే. వరండా పొడుగ్గా ఉంటుంది, చెప్పుల చప్పుడు మన వెనకే ఎవరో నడిచినట్టు తిరిగి వస్తుంది. ఆ చప్పుడు నాకు అలవాటే. కానీ ఆ బాణం ఒత్తటం మొదలుపెట్టాక నేను ఆగిన తర్వాత కూడా ఒక అడుగు వినిపించేది.

రెండో మాసికం అయిన తర్వాత ఒకరోజు వాట్సాప్ తెరుచుకోవటమే మానేసింది. కింద దుకాణంలో ఫోన్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకుపోయాను.

"లోపల జాగ లేదమ్మా. అంత కొట్టేస్తే కొత్త ఫోన్ లెక్క అయితది."

"అంత అంటే?"

"అంత అంటే అంతనే. మెసేజులు, ఫోటోలు, అన్ని."

అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని వచ్చేశాను. నా వెనక "ఏమైందమ్మా?" అంటూనే ఉన్నాడు.

ఆదివారం మా చెల్లెల్ని పిలిచాను. అది టెన్త్ వరకు చదివింది, అమీన్‌పూర్‌లో ఉంటుంది, ప్యాకింగ్ కంపెనీలో లైన్ మీద పని. నేను చెప్తుంటే ఇదంతా రాస్తున్నది కూడా అదే. దానికి ఫోన్ ఇచ్చి ముందే చెప్పాను.

"మీ బావది ఒక్కటి గూడ పోవద్దు. పోతే నువ్వు మళ్ల నా గడప తొక్కకు."

"పోదక్కా. నువ్వు ముందుగాల నా మీద పడి తొంగి చూసుడు ఆపు."

మొదట గ్యాలరీ తెరిచింది. పూలు, దేవుళ్లు, చాయ్ కప్పులు, పసిపిల్లలు, అన్నిటి మీద గుడ్ మార్నింగ్. గుంపుగా ఎంచి తీసేసింది. అయినా వాట్సాప్ తెరుచుకోలేదు.

"తీసినవు గద?"

"తీసినయి ఇంక చెత్తడబ్బల్నే ఉన్నయే. ఊడ్చి మూలకు పెట్టినట్టు. అది గూడ ఖాళీ చేస్తెనే జాగ అయితది."

డబ్బా ఖాళీ చేసింది. అప్పుడు తెరుచుకుంది. మా చెల్లెలు నేరుగా ఆయన ఫోటో మీదికి పోయి, ఆయన పాత మాటలు ఒక్కొక్కటీ వేలితో గట్టిగా పట్టి నక్షత్రం గుర్తు పెట్టింది. పొరపాటున చేయి పడినా, నక్షత్రం ఉన్నవాటిని కూడా తీసెయ్యాలా అని ఫోన్ విడిగా అడుగుతుందట. "ఇంకోటి యాదికి పెట్టుకో. చాట్ క్లియర్ అని వస్తె ఒత్తకు. అది ఫోటోలే గాదు, మాటలు గూడ ఊడ్చేస్తది" అంది.

తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి, స్టోరేజీ అన్నచోట ఒత్తింది. పైన ఒక గడి వచ్చింది, ఎన్నోసార్లు చేతులు మారిన ఫోటోలు, వీడియోలు అన్నీ అందులో పడతాయట. దాని పక్క గడిలో పెద్ద పెద్ద వీడియోలు. కింద ఎవరి చాట్ ఎంత జాగ తిన్నదో వరుస. మా బ్లాకు గ్రూపు అందరికంటే పైన ఉంది.

"నీళ్లు వచ్చినయా అని అడిగే గ్రూపుల ఇన్ని వీడియోలేందే!"

నేను కూడా నవ్వాను. అది మొదటి గడి తెరిచింది. నవ్వు ఆగిపోయింది.

ఆయనే. గడి నిండా ఆయనే. దండ వేసి, కింద దీపం పెట్టి, శ్రద్ధాంజలి అని రాయించిన ఫోటో. కంపెనీ వాళ్లు చేయించారు. అది ఊరి గ్రూపు నుంచి కులం గ్రూపుకు, అక్కడి నుంచి సంఘం గ్రూపుకు, బ్లాకు గ్రూపుకు పోయి, అన్ని వైపుల నుంచీ నా ఫోన్‌లోకి వచ్చింది. పూల ఫోటో పక్కన ఆయన, చాయ్ కప్పు పక్కన ఆయన, మళ్లీ ఆయన. ఒకే చూపు. అన్ని ముఖాలూ నన్నే చూస్తున్నాయి.

"ఒకటి ఉంచుతనే అక్కా. మిగిలినయి తియ్యాలె."

"తియ్యి."

అది వేలితో తాకుతుంటే ఒక్కో ముఖం మీద ఒక్కో టిక్కు పడుతోంది. కళ్ల మీద పడినట్టే అనిపించింది. నేను వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. "అయిపోయింది, రా" అని పిలిచాక వచ్చాను.

జాగ అయింది. నేనే బాణం ఒత్తాను. గుండ్రంగా తిరిగింది. ఎప్పటికంటే ఎక్కువసేపు తిరిగింది. ఆగి అక్షరాలు చూపించింది. ఇవి పాత అక్షరాలు కావు, వాటి ఆకారం నాకు తెలుసు.

"ఏమంటుంది?"

చెల్లెలు ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకుంది.

"ఇప్పుడది ఆడ లేదంటుంది. చాన దినాలాయె గద. పంపినాయననే మళ్ల పంపుమని అడగాలంట."

నేను సజ్జ మీదికి చూశాను. ఆస్పత్రి వాళ్లు, కంపెనీ వాళ్లు ఇచ్చినవన్నీ అక్కడే గుడ్డ సంచిలో ఉన్నాయి. చనిపోయిన రోజు మనిషి వెంట ఉన్నవాటిని సంవత్సరీకం అయ్యేదాకా కదిలించవద్దని మా అత్తగారి వైపు పట్టింపు. అందుకే గేటు అరలోంచి తీసి ఇచ్చిన ఆయన ఫోన్ కూడా ఎవరూ ముట్టలేదు.

"అక్కా, వద్దంటే వద్దు."

"అడగాలన్నది గద. అడుగుదాం."

ఛార్జింగు పెట్టాము. వెలిగింది. గీతల తాళం అడిగింది. అంకెలైతే నాకు రావు, ఇది గీతే. ఆయన వేలు ఎటు నుంచి ఎటు పోయేదో తెలుసు, రోజూ పక్కన కూర్చుని చూసినదే. గీశాను, తెరుచుకుంది. సిమ్ ఎప్పుడో మూగబోయింది. చెల్లెలు తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చింది.

ముందు ఆయన ఫోన్ గంట మోగింది. మళ్లీ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. నేను పంపిన దండాలు. ఇన్నాళ్లకు వచ్చి ఆయన ఫోన్‌లో పడుతున్నాయి. మరీ పాతవి రాలేదు, అన్ని రోజులు ఆగవట. నా ఫోన్ చూస్తే, ఒక్కో దండం పక్కన రెండో టిక్కు పడుతోంది.

పైన, ఆయన ఫోటో పక్కన ఒక మాట వచ్చింది. నాకు చదువు రాకపోయినా ఆ మాట ఆకారం తెలుసు. ఆయన అరలోంచి ఫోన్ తీసినప్పుడల్లా అది అక్కడ కనిపించేది. ఆన్‌లైన్.

చెల్లెలి చేతిలోనే ఉంది ఆయన ఫోన్. నేను చూస్తూనే ఉన్నాను. అయినా తలుపు వైపు తిరిగాను.

"ఇగో, ఈ ఫోన్ల ఆయన మాట ఉన్నది. నీకు పంపుతున్న" అంది. ఒత్తింది. నా చేతిలో ఫోన్ వణికింది. ఆయన పేరుతోనే వచ్చింది, ఫార్వర్డ్ అని గుర్తు వేసుకుని. ఈసారి బాణం లేదు.

ఒత్తాను. లారీల చప్పుడు. తర్వాత ఆయన గొంతు, నవ్వుతూనే.

"ఏమే, తిన్నవా? ఆ ఫోన్ నువ్వేం ముట్టకు. ఏదేదో ఒత్తి నన్ను గూడ తుడిచేస్తవ్. నేనే వచ్చి తీస్త." ఆ తర్వాత కాసేపు లారీలు. తర్వాత అటు తిరిగి ఎవరితోనో అన్నట్టు, దూరంగా, "ఎవరు? ఆ... వస్తున్న, వస్తున్న." అంతే, అయిపోయింది.

నొప్పి లేదు. మూలుగు లేదు. నన్ను రమ్మని పిలవలేదు. నేను ఇన్నాళ్లు భయపడింది అందులో లేదు. ఏడ్చాను, అన్నం కూడా తిన్నాను.

"సూపర్‌వైజరు పిలిచిండేమో" అంది చెల్లెలు.

మరుసటి వారం ఆయనతో టీకి వచ్చే జతగాడు ఇంటికి వచ్చాడు. వినిపించాను. తలవంచుకుని విన్నాడు. "ఎవరు పిలిచిండ్రు?" అని అడిగాను.

"ఎవరు పిలవలే వదినా. ఆడ నేనూ అన్న ఇద్దరమే ఉన్నం. నేను చాయ్ తాగుతున్న. అన్న గేటు దిక్కు చూసి నవ్విండు, వస్తున్న అన్నడు. ఆడ ఎవరు లేకుండె."

ఆ మాట ఇప్పుడు రెండు ఫోన్లలోనూ ఉంది, చెల్లెలి ఫోన్‌లో కూడా ఉంది. అయినా నాకు నమ్మకం లేదు. ఏ ఫోన్ ఎప్పుడు నిండుతుందో, ఎవరు ఏది ఒత్తుతారో. అందుకే కాగితం మీద పెట్టిస్తున్నాను. ఆయన గొంతు ఇందులో ఉండదు, తెలుసు. మాటలైనా ఉండాలి, ఆయన అన్నవి అన్నట్టే.

ఇగ చాలు చెల్లె, కలం కింద పెట్టు. ఆయన మాట్లాడిన కాడ నువ్వేం కలపలేదు గద, ఏం తియ్యలేదు గద? మొదటి నుంచి మెల్లగ చదువు. ఆ "వస్తున్న" దగ్గరికి వచ్చినంక జెర ఆగు, నేను తలుపు పెట్టి వస్త.