నలభై కుర్చీలు, నలభై సీట్లు

నేను రాసిన అబద్ధాలన్నిటిలోకీ బాగా అమ్ముడుపోయింది "చివరి ఐదు సీట్లు మాత్రమే" అన్నది. కర్నూలులో ఒక పెద్ద కోచింగ్ సెంటర్లో నాలుగేళ్లు బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్పాను. తెలుగు తప్పుల్లేకుండా రాస్తానని, కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా ఫేస్‌బుక్కులోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టే పోస్టరు కింద క్యాప్షన్ రాసే పని కూడా నా నెత్తినే పెట్టారు.

ఆ ఐదు సీట్లు ఎన్నటికీ నాలుగు అయ్యేవి కావు. బ్యాచ్ మొదలు కాకముందూ ఐదే, మొదలై నెల దాటినాక కూడా ఐదే. వంద మంది పట్టే హాల్లో నూట అరవై మందిని కుక్కేవాళ్లు. ఆలస్యంగా వచ్చిన ఆడపిల్లలు గుమ్మం బయట మెట్ల మీద కూర్చుని, తొడ మీద నోటుబుక్కు పెట్టుకుని రాసుకునేవాళ్లు. బోర్డు కనబడేది కాదు, నా గొంతు మాత్రం వినబడేది. పోస్టరు మీద ఫీజు అంకె ఇంత లావున ఉండేది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో "మెటీరియల్, టెస్ట్ సిరీస్, జీఎస్టీ అదనం" అని ఉండేది. ఆ చీమ తలకాయ కూడా నేనే రాశాను. "ఐదు సీట్లు అంటేనే పరిగెత్తుకుంటా వస్తారు మేడం" అనేవాడు డైరెక్టరు. నాకు ఒళ్లు మండేది. అయినా ఒకటో తారీఖున జీతం పడేది కదా, మండే ఒంటితోనే రాసేదాన్ని.

ఒకరోజు మెట్ల మీద కూర్చున్న పిల్ల ఒకతె లేచి, "మేడం, నేను కట్టింది కూడా లోపల కూచున్నోళ్లు కట్టిన ఫీజే గదా?" అని అడిగింది. చాక్‌పీసు టేబుల్ మీద పెట్టి, ఆ నెలాఖరుకు బయటికొచ్చేశాను.

తర్వాత ఒక సిమెంటు అంగడి పైన గది అద్దెకు తీసుకున్నాను. రాసుకోవడానికి పలక ఉన్న కుర్చీలు నలభై వేయించాను. నలభై ఒకటోది వేస్తే వరసల మధ్య నేను నడవడానికి దారి ఉండదు. పిల్లల నోట్సులోకి తొంగి చూడకుండా లెక్కలు చెప్పడం నాకు రాదు. తప్పు ఎక్కడ చేస్తున్నారో కాగితం మీదే కదా కనబడేది!

కొత్త బ్యాచ్‌కి క్యాప్షన్ రాయడానికి కూర్చుంటే పాత చెయ్యి దానంతట అదే "త్వరపడండి" అని కొట్టింది. తిట్టుకుని చెరిపేశాను. చివరికి ఇలా పెట్టాను:

"బ్యాంకు క్లర్కు పరీక్షకు కొత్త బ్యాచ్. నాలుగు నెలలు. ఉదయం పది నుంచి ఒంటి గంట దాకా. ఫీజు పదివేలు. మెటీరియల్, టెస్టులు అందులోనే. చేరేటప్పుడు సగం, నెల తర్వాత సగం. ఇంకేమీ కట్టనక్కర్లేదు. సీట్లు నలభై, ఎందుకంటే గదిలో కుర్చీలు నలభై. ముందు కట్టినవాళ్లకు ముందు. ఈ రోజుకు నిండినవి: 0."

కింద అంగడి నడిపే ఓనరు ఫోన్లో అది చూసి పైకొచ్చాడు. ఊళ్లో పొలాలున్న మనిషి, మాట కాస్త గట్టిగానే ఉంటుంది.

"ఏందమ్మా ఇది? సున్నా అని రాసుకుంటారా ఎవురైనా? పరువు పోతాది. ముప్పై నిండినాయి అని పెట్టు."

"నిండలేదు కదన్నా."

"నిండలేదని నీకు తెల్సు, నాకు తెల్సు. ఊరికి ఎందుకు?"

"ఊరికి తెలియాలనే పెట్టినా," అన్నాను. ఆయన తల కొట్టుకుంటూ దిగిపోయాడు.

రోజూ సాయంత్రం ఆ అంకె మార్చేదాన్ని. మూడు. ఏడు. రెండు రోజులు ఏడే. కింద కామెంట్లలో ఎవరో పళ్లికిలించే బొమ్మలు పెట్టారు. పెట్టుకోనీ! పదిహేను దాటినాక పిల్లలే ఒకరికొకరు చెప్పుకుని రావడం మొదలైంది.

ముప్పై ఒకటి దగ్గర ఆలూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కూతురు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉందట, చేర్పించాలట.

"శనక్కాయలు అమ్మి దుడ్లు తెస్తామ్మా. వారం పడుతుంది. సీటు ఉంటాది గదా?"

"ఉంటుందని చెప్పలేనన్నా. తొమ్మిదే మిగిలినాయి. సగం ఫీజు ఫోన్లో పంపినా సీటు మీదే."

ఆయన నవ్వాడు. "మీరంతా అట్లనే అంటారులేమ్మా. చూడకుండా కట్టేది ఒకసారి చేసినాము. చాలు."

ముప్పై ఎనిమిది దగ్గర నేనే ఆయనకు ఫోన్ చేశాను. మళ్లీ అదే నవ్వు. ఆ నవ్వుకు కోపం వచ్చింది కానీ ఏం చేస్తాను? క్లాసులు మొదలయ్యే ముందురోజు నలభైయో కుర్చీ కూడా నిండింది. పోస్టులో "నిండింది. ఈ బ్యాచ్‌లో ఇక చేర్చుకోము" అని రాశాను. ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. రాసి, టీ పెట్టుకుని తాగాను.

మొదటిరోజు తొమ్మిదిన్నరకే ఓనరు తన చెల్లెలి కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు.

"మావోన్ని కూడా ఏసుకోమ్మా. ఫీజు ఇంకో రెండు వేలు ఎక్కువే ఇస్తా."

"నిండిపోయిందన్నా."

"నిండేదేంది? ఒక ప్లాస్టిక్ కుర్చీ కింద నుంచి పంపిస్తా. మూలకు కూచుంటాడు."

"నలభై అని రాసినా. నలభై మంది అది చదివే కట్టినారు."

ఆయన ముఖం ఎర్రబడింది. "బిల్డింగు నాది. గుర్తుపెట్టుకో. రూము వేరే చూసుకోవల్సి వస్తాది."

భయపడలేదంటే అబద్ధం. కుర్చీలకు, బోర్డుకు, అడ్వాన్సుకు ఉన్నదంతా పెట్టేశాను. ఆ గది పోతే నాకు మళ్లీ ఆ "చివరి ఐదు సీట్ల" డైరెక్టరు గుమ్మమే గతి. అయినా నోరు ఆగలేదు. "అగ్రిమెంటు పదకొండు నెలలకు ఉండాదన్నా. అది కూడా రాతే. దాన్నీ అట్లనే గౌరవిద్దాం" అన్నాను. ఆయన మేనల్లుడు మాత్రం, "మామా, పోదాం పా" అని చెయ్యి పట్టి లాగాడు.

మరుసటి రోజు క్లాసుకు పది నిమిషాల ముందు ఆలూరాయన దిగాడు. తెల్లారక ముందే బస్సెక్కినట్టున్నారు, కూతురి జడ ఊడిపోయి ఉంది. చేతిలో హాస్టలు కోసం సర్దుకున్న సంచి కూడా ఉంది. సరిగ్గా అప్పుడే కింద అంగడిలో ఏదో సరుకు దింపిస్తున్న ఓనరు కూడా వాళ్ల వెనకే మెట్లెక్కి వచ్చి నిలబడ్డాడు. నేనేం చేస్తానో చూద్దామని.

"తెచ్చినామమ్మా," అని ఆయన చొక్కా లోపలి జేబులోంచి మడత తీశాడు.

"నిండిపోయిందన్నా. రెండే మిగిలినాయని ఫోన్లో చెప్పినా కదా."

"నిండేది యాడన్నా ఉంటాదామ్మా?" నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. "రెండేండ్ల కింద మా పెద్దపాపకు ఈ ఊర్లోనే కట్టినాము. చివరి ఐదు సీట్లు అని ఫోన్లో పెట్టినారు. అది చూసి, రేటు లేకున్నా ఉల్లిగడ్డలు అడ్డానికి అమ్మి, చూడకుండానే కట్టేసి పరిగెత్తుకుంటా వస్తిమి. వచ్చి చూస్తే పాపకు కూచునే దానికి చోటు లేదు, మెట్ల మీద కూచోబెట్టినారు. నెల తర్వాత కూడా ఐదే సీట్లు అని పెడతానే ఉండిరి. ఇంకెట్ల నమ్మేది?"

సెంటరు పేరు అడిగాను. చెప్పాడు. అది నేను పనిచేసిందే.

చెప్పకుండా ఉండవచ్చు. ఎవరికి తెలుస్తుంది? కానీ లోపల నలభై మంది వింటున్నారు, వెనక ఓనరు నిలబడి ఉన్నాడు, నాకు దాచుకోవడం విసుగొచ్చేసింది.

"ఆ ఐదు సీట్లు రాసింది నేనేనన్నా," అన్నాను.

ఆయన మడత మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "అయితే ఈ నలభై రాసిందీ నువ్వే గదమ్మా. ఇది మాత్రం నిజమని నేనెట్ల అనుకోవాల?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఈలోగా ఆ పిల్ల సంచి కింద పెట్టి, గుమ్మంలోకి వెళ్లి, వేలు ఆడిస్తూ వరసలన్నీ లెక్కపెట్టింది. మళ్లీ ఒకసారి వెనక నుంచి లెక్కపెట్టి, "నలభై ఉండాయి నాయనా. ఖాళీ ఒగటి గూడా లేదు" అంది.

"ఆడపిల్ల, అంత దూరం నుంచి వచ్చింది. ఒక కుర్చీ ఏసెయ్యరాదా?" అన్నాడు ఓనరు. జాలి కాదు అది, నాకు తెలుసు. ఆమెకు వేస్తే సాయంత్రానికి ఆయన మేనల్లుడికీ వేయాలి. నెల తిరిగేసరికి గదిలో అరవై మంది. ఆ తర్వాత మెట్లు ఎలాగూ ఉన్నాయి.

"వెయ్యను," అన్నాను. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఈ బ్యాచ్‌లో వెయ్యను. రేపట్నుంచి పొద్దున ఆరున్నర మొదలు తొమ్మిదిన్నర దాకా ఇంకో బ్యాచ్ పెడుతున్నా. అదే ఫీజు, అవే నాలుగు నెలలు. నువ్వు మొదటిదానివి. నీ ఇష్టమైన కుర్చీలో కూచో."

"ఒక్కదానికా?" తండ్రి నోరు తెరిచాడు.

"ఒక్కదానికే. ఇంకెవరూ రాకపోయినా నాలుగు నెలలూ చెప్తా."

"కరెంటు బిల్లన్నా వస్తాదా నీకు?" అన్నాడు ఓనరు.

"రాకుంటే నా తిప్పలు నేను పడతా. మీ వాడికి కూడా అందులో సీటుంది. ముప్పై తొమ్మిది ఉన్నాయి, ఏది కావాలంటే అది."

అక్కడే, వాళ్ల ముందే ఫోన్ తీసి రాశాను. వేళలు రాశాను, ఫీజు రాశాను, సీట్లు నలభై అని రాశాను. "నిండినవి: 1" అని రాసి ఆలూరాయనకు చూపించాను. ఆయన పెదాలు కదుపుకుంటూ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఫీజు దగ్గర వేలు పెట్టి, కింద చిన్నక్షరాలు ఏమైనా ఉన్నాయేమోనని తెరను ఇంకా కిందికి జరిపి చూశాడు. లేవు. అప్పుడు కూడా నమ్మినానని అనలేదు. సగం డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, "దినామూ చూస్తాంటా అమ్మా ఈ అంకె" అన్నాడు.

"చూడన్నా," అన్నాను.

మరుసటి రోజు ఆరున్నరకు ఆ పిల్ల నలభై కుర్చీల మధ్య ముందు వరసలో కూర్చుంది. శాతాలతో మొదలుపెట్టాను. ఒక్కతే ఉంది కదా అని గొంతు తగ్గించలేదు. కింద షట్టరు తీస్తున్న ఓనరుకు వినబడే ఉంటుంది. సాయంత్రానికి ఇంకెవరూ చేరలేదు. "ఆ ఒకటి చూస్తే వచ్చేవాళ్లు గూడా రారు, పదన్నా పెట్టు" అని ఆయన మెట్ల కింద నుంచే కేకేశాడు. ఆలూరులో ఒక మనిషి ఫోన్ తెరిచి చూస్తాడు. ఒకటి అనే పెట్టాను. రెండో రోజూ ఒకటే. మూడో రోజూ ఒకటే ఉంది, ఒకటే రాశాను.