సున్నా ఎక్కడికి పోయింది

మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీకి గణితం గెస్ట్ లెక్చరర్ కావాలంటే డెమో క్లాసు చెప్పడానికి జనగామ నుంచి రైల్లో పోయాను. ఎమ్మెస్సీ దూరవిద్యలో చేశాను, చదివిందంతా లైబ్రరీలోనే. ఆరేళ్లు అదే బల్ల. చుట్టూ పేపరు చదివేవాళ్లుండేవాళ్లు, నా లెక్క తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేరు. పుస్తకం వెనక జవాబు ఉంటే సరి, లేకుంటే నేను రాసిందే జవాబు. దానికే గర్వపడేవాణ్ని.

ముందు బెంచీలో హెడ్ సార్, పక్కన ఒక మేడం. లెక్క ఇచ్చారు: 1 పోయి 1 కావాలి, -1 పోయి 3, -2 పోయి అనంతం. అట్లా ఒక్కో బిందువును ఇంకోచోటికి పంపే బైలీనియర్ ట్రాన్స్‌ఫర్మేషన్ కనుక్కొని, సున్నా కేంద్రంగా వ్యాసార్థం ఒకటి ఉన్న వృత్తం ఏమవుతుందో చెప్పాలి.

-2 అనంతానికి పోవాలి కాబట్టి భిన్నం కింద z+2. పైన az+b అనుకున్నాను. 1 పెడితే a+b=3, -1 పెడితే b-a=3. అంటే a సున్నా, b మూడు. w=3/(z+2). సార్ తలూపాడు. -2 ఆ వృత్తం మీద లేదు కాబట్టి వృత్తం వృత్తంగానే పోతుందన్నాను. కేంద్రం సున్నా, అది 3/2కి పోతుంది. వృత్తం మీది 1 అక్కడే ఉంటుంది, దాన్నుంచి దూరం 1/2. 3/2 కేంద్రంగా, వ్యాసార్థం 1/2తో గుండ్రంగా గీశాను.

"మంచిగ గీసినవ్. గిప్పుడు మైనస్ ఒకటిని పంపు."

"మూడుకు పోతది సార్."

"మరి ఆ మూడేది బిడ్డా, నీ వృత్తం మీద కనవడ్తలేదు?"

నా వృత్తం రెండు దగ్గరే ఆగిపోయింది. మేడం నవ్వింది. "మూడు దాకా పోనీకి బస్సు దొరకలేదేమో సార్."

"కేంద్రం కేంద్రానికే పోతదని ఎవలు చెప్పిన్రు?" అన్నాడు సార్.

"ఎవరూ చెప్పలే సార్. నేనే అనుకున్న."

వృత్తాన్ని జరపడం, పెంచడం, తిప్పడం మాత్రమే ఉన్న లెక్కల్లో అట్లాగే జవాబు కలిసేది. అన్నిటికీ అంతే అనుకున్నాను.

చెరిపేశాను. సార్ తొందరపెట్టలేదు. గుణకాలన్నీ వాస్తవాలే, కాబట్టి కొత్త వృత్తం కూడా వాస్తవ అక్షానికి అటూ ఇటూ సమానంగా ఉండాలి. అక్షం మీద పడేవి 1, 3. అవే వ్యాసం కొసలు. కేంద్రం 2, వ్యాసార్థం 1. i ని పంపి చూశాను: (6-3i)/5. రెండు నుంచి దూరం సరిగ్గా ఒకటి.

"గట్ల," అన్నాడు సార్.

ఉద్యోగం నా తర్వాత చెప్పినామెకు ఇచ్చారు. వెళ్లేముందు అడిగాను. "నా నోట్సులు ఒక్కసారి చూస్తరా సార్?"

"నెలాఖరుకు రిటైర్ అయితున్న బిడ్డా. భూపాలపల్లిల మా బిడ్డ దగ్గరికి పోతున్న. నువ్వే చూసుకో, ప్రతిసారి ఇంకో బిందువు పంపి."

రైల్లో నోట్సు తెరిచి, నేను గీసిన ఒక్కో వృత్తం మీదికి ఇంకో బిందువును పంపాను. కేసముద్రం దాటేలోపే రెండు తప్పులు దొరికాయి. ఎదుటి సీట్లో ఎవరూ లేరు. పెన్ను తీసి దిద్దుకున్నాను.