శూన్యబిందువు దొరకని మధ్యాహ్నం

స్వర్ణలత వేంపల్లెలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేది. డిగ్రీలో ఫిజిక్స్ ప్రాక్టికల్ ఒక్కటి మిగిలిపోయింది. డిగ్రీ లేనివాళ్లను వచ్చే ఏడాది హైస్కూలు తరగతుల్లో ఉంచేది లేదని బడివాళ్లు చెప్పేశారు. ఆమె చదివిన పాత సిలబస్‌కు ఆ ఏడాదిదే ఆఖరి పరీక్ష, తప్పితే మళ్లీ అవకాశం లేదు. ఆ పరీక్ష జరిగే కాలేజీలో నేను లెక్చరర్‌ని. ఆమె మా దగ్గరికే వచ్చి రాసింది.

ఏ ప్రయోగం చేయాలో తేల్చే చీటీ తీస్తే, పొడవాటి తీగ మీద సెల్లు వోల్టేజీ కొలిచే పొటెన్షియోమీటర్ వచ్చింది. ఆమె ముఖం తేటపడింది.

"ఇది మా పిల్లోళ్లకు కూడా చెప్తాంటా సార్. వోల్ట్‌మీటర్ పెడితే సెల్లు నుంచి కొంచెం కరెంటు లాక్కొని తక్కువ చూపిస్తాది. ఈడ తీగ మీది వోల్టేజీ సెల్లుకు సరిగ్గా ఎదురు నిలబడితే, సెల్లు ఏమీ ఇయ్యదు, తన అసలు విలువ చెప్తాది."

పోల్చాల్సిన రెండు సెల్లుల్లో మొదటిది డేనియల్ సెల్లు; దానికి సున్నా, అంటే గాల్వనోమీటర్ సూది కదలకుండా నిలబడే చోటు, తీగ నడిమికి కొంచెం అవతల దొరికింది. ఇక లెక్లాంచీ సెల్లుకు కూడా పొడవు కొలిస్తే, రెండు పొడవుల నిష్పత్తే జవాబు. అంతలో వైవాకు, నోటి ప్రశ్నలకు, పిలిచారు. రీడింగు తీయనప్పుడు, తీగకు కరెంటిచ్చే అక్యుములేటర్ బ్యాటరీ ఊరికే ఖర్చు కాకుండా దాని దారిలోని ప్లగ్ కీ తీసిపెట్టడం మా ల్యాబు అలవాటు. తీస్తే దొరికిన సున్నా చెదురుతుందేమోనని భయపడి ఆమె దాన్ని అలాగే వదిలి వెళ్లింది. అది ముసలి అక్యుములేటర్. ఆమె తిరిగొచ్చేసరికి దాని చార్జి నీరసించిపోయింది.

లెక్లాంచీ సెల్లు కలిపి, తీగ మీద జరిపే లోహపు ముక్క జాకీని ఆ కొసన తాకించింది, ఈ కొసన తాకించింది.

"సార్, సూది ఒకే దిక్కుకు పోతాండాది."

"ప్లస్సులు చూసుకున్నావా అమ్మా?" అన్నాను.

"రెండూ ఒకే కొసకు ఉండాయి సార్." వంగి కీ వైపు చూసింది. మళ్లీ తల ఎత్తలేదు.

తీగ మొత్తం మీద ఉన్న వోల్టేజీ లెక్లాంచీ సెల్లుకన్నా తగ్గిపోయింది. ఇక ఆ తీగ మీద సున్నా ఎక్కడా లేదు. వేరే అక్యుములేటర్ ఇద్దామంటే, పనికొచ్చేది మా దగ్గర అదొక్కటే.

కడప నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఓబుళేశు గారు మేజా దగ్గరికి వచ్చారు. "యాడమ్మా సున్నా? చూపిస్తే సంతకం పెడతా."

"పోయింది సార్. కీ తీయలేదు."

"ఇంత చదివి కీ తీయకపోతే ఎట్లమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు. "విలువ నీకు నోటికి వస్తాదని నాకు తెలుసు. కానీ సూది నిలబడింది చూడకుండా నేనెట్ల పెట్టేది?"

ఆయన పక్క మేజాకు వెళ్లారు. ఆమె వైర్లు ఒక్కొక్కటే విప్పి, చుట్టి పెట్టింది.

సంతకం పడలేదని తెలిసి, ఫలితాలకు ముందే బడివాళ్లు ఆమెను చిన్నపిల్లల తరగతికి మార్చారు. ఓసారి బస్టాండులో కనపడితే ఏం చెప్తున్నావని అడిగాను.

"అఆలు సార్," అంది. బస్సు రాకపోయినా లేచి అవతలికి నడిచింది.