గద్ద మార్కు తాళానికి గేటు దగ్గరే సెలవు

ఆ ఆడపిల్లల హాస్టల్ వార్డెనమ్మ ఏటా తల్లిదండ్రులకు పంపే సామాన్ల జాబితా కాగితం ముందు పెళ్లి శుభలేఖ కూడా దిగదుడుపే. పరుపు మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, కొబ్బరిపీచుది. స్పాంజిదైతే నెలకల్లా అప్పడమై పిల్ల మంచం పట్టీలు లెక్కపెట్టుకుంటుంది. బకెట్ ఏనుగు మార్కు, ఇనుప పిడిది. తెచ్చిన ప్రతి బకెట్‌నూ బోర్లించి, ఆవిడ దాని మీద ఎక్కి నిలబడి చూసేది. ఒక ఏడు ఒక బకెట్ పగిలిన చప్పుడుకి మూడు వీధుల అవతల ఫైరింజన్ బయల్దేరిందని చెబుతారు. నేను నమ్మాను, మీరూ నమ్మండి.

తాళం నాలుగు కొండల మార్కు, ఏడు లీవర్లది. ఆ కింద ఎర్ర సిరాతో: "గద్ద మార్కు తాళం గేటు దాటి లోపలికి రాదు."

గద్ద మార్కు అమ్మేది ఎదురుగా ఉన్న ఇనుప సామాన్ల షాపాయన. ఏటా వచ్చి చేతులు నలుపుకునేవాడు.

"మేడమ్, నా గద్ద ఏం పాపం చేసిందండీ?"

"గద్దనే అడగండి."

ఆయనకు గుర్తు లేదు. ఆవిడకు బాగా గుర్తుంది. ఇరవై ఏడేళ్ల కిందట ఆవిడ ఇదే హాస్టల్లో చదువుకునే పిల్ల. ట్రంకుపెట్టెకు ఆయన దగ్గర కొన్న గద్ద తాళం. పెట్టెలో నాన్న ఇచ్చిన చేతి గడియారం. ఒకరోజు గడియారం మాయం, తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది. నాన్న ఆ తాళం పట్టుకుని షాపుకెళ్లి అడిగితే, ఈయన నలుగురి ముందూ నవ్వాడు. "తాళం చెక్కుచెదరలేదు, తాళంచెవి మీ అమ్మాయి దగ్గరే ఉంది. అమ్ముకుని ఉంటుంది, అడిగి చూడండి!"

నాన్న అడిగాడు. అంతే, ఇంట్లో ఆవిడ పేరు "గడియారం" అయింది. పిన్నిలూ బాబాయిలూ "గడియారం, టైమెంతే?" అని ఇప్పటికీ పిలుస్తారు. నాన్న మాత్రం పిలవడు, నవ్వి ఊరుకుంటాడు. ఆవిడను తినేసేది ఆ నవ్వే.

ఆ పాత చెవిని ఆవిడ పారేయలేదు. వార్డెనయ్యాక గేటు దగ్గర పట్టుకున్న ప్రతి గద్ద తాళంలోనూ దూర్చి చూసింది. ఎనిమిదింటికి ఒకటి తెరుచుకునేది. చౌక తాళాలకు చెవుల నమూనాలు పట్టుమని పదైనా ఉండవని అప్పుడు తెలిసింది. కానీ ఎవరికి చెప్పాలి? చెప్పాల్సిన మనిషి నలుగురి ముందూ చేతికి చిక్కలేదు.

ఈ ఏడు చిక్కాడు. షాపాయన మనవరాలికి ఈ హాస్టల్లో సీటొచ్చింది. తాతగారు పరుపు, బకెట్ జాబితా ప్రకారమే తెచ్చాడు. తాళాలు మాత్రం రెండూ తన గద్దలే, పెట్టెకొకటి, బీరువాకొకటి. వెనక క్యూలో తల్లిదండ్రులు ముప్పై మంది.

"సొంత షాపుండగా పక్క షాపులో కొంటే నవ్వరండీ?"

"సరే. వేసి చూపించండి."

వేశాడు. ఆవిడ పాత చెవి తీసి పెట్టె తాళంలో పెట్టింది. తిరగలేదు. ఆయన నవ్వాడు, అదే నవ్వు. "చెప్పాగా మేడమ్!"

ఆవిడ మొహం ఎర్రబడింది. అయినా తొణకలేదు. బీరువా తాళం అందుకుని చెవి దూర్చింది. సగం తిరిగి ఆగింది. కాస్త కదిపింది. టక్కుమని తెరుచుకుంది.

"ఈ చెవి ఇరవై ఏడేళ్ల కిందట మీరే అమ్మారు. మా నాన్నతో ఏమన్నారో గుర్తుందా?"

ఆయన మొహంలో రంగులు మారాయి. గుర్తొచ్చింది.

"పాత సంగతులు వదిలేయండమ్మా..."

"వదలను." ఫోన్ తీసి, నాన్నకు కలిపి, స్పీకరు పెట్టింది. "నాన్నా, నా తాళం అమ్మినాయన మాట్లాడతాడు."

క్యూ మొత్తం మెడలు సాచింది. మనవరాలు తాత చొక్కా లాగింది. "చెప్పు తాతా."

"అయ్యా... మీ అమ్మాయి అమ్ముకోలేదండీ. వేరే చెవితో ఎవరో తీశారు. మా తాళం అలాంటిది."

అవతలి నుంచి ముసలి గొంతు, "అమ్మా" అంది. ఈసారి నవ్వలేదు. ఆవిడ ఫోన్ పెట్టేసింది. జాలి పడిందనుకునేరు! జాబితా కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"సందు చివర షాపులో నాలుగు కొండలది దొరుకుతుంది. క్యూలో నిలబడి కొనుక్కురండి. మీ పిల్లకు మంచి తాళం ఉండాలిగా."

ఆయన సొంత షాపు ముందునుంచే తలదించుకుని నడిచి వెళ్లాడు.

మరుసటి ఏడు కాగితంలో ఎర్ర సిరా వాక్యం మారింది: "తాళం కొనేముందు, అదే షాపులో పక్క తాళం చెవితో దాన్ని తెరిచి చూడండి."

ఎదురు షాపులో గద్దలు ఇప్పటికీ మేకులకే వేలాడుతున్నాయి.